ముడతలు పోవాలి, నేత మిగలాలి

ప్రశ్న: కావలిలో మాది చిన్న ఫోటో స్టూడియో. నిశ్చితార్థం ఫోటోలో పెళ్లికొడుకు వేసుకున్న లేత నీలం లినెన్ చొక్కా బాగా నలిగిపోయింది. ఫోటోషాప్‌లో బ్లర్ చేస్తే ప్లాస్టిక్ కవర్ తొడిగినట్టుంది. మా ఫోటోగ్రాఫర్ల గ్రూపులో ఒకరు ‘ఒక్క క్లిక్‌తో ముడతలు మాయం’ అని యాక్షన్ ఫైల్ పెట్టారు. ఇన్‌స్టాల్ చేయాలంటే యాంటీవైరస్ ఆపమంటోంది. ఆపొచ్చా సార్?

జవాబు: ఆపొద్దు. ఆ ఫైల్ ఇప్పుడే డిలీట్ చేయండి. ఒంగోలు నుంచీ, కందుకూరు నుంచీ ఇదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను. యాక్షన్ అంటే ఫోటోషాప్‌లో మనం చేసే పనుల రికార్డింగ్, అంతే. దాని పేరు .atn తో ముగుస్తుంది. దాన్ని యాక్షన్స్ ప్యానెల్‌లో లోడ్ చేస్తాం తప్ప ఇన్‌స్టాల్ చేయం. .exe తో ముగిస్తే అది యాక్షన్ కాదు, మీ కంప్యూటర్లో ఏ పనైనా చేయగల ప్రోగ్రామ్. అలాంటివి చాలాసార్లు పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో వస్తాయి, ఎందుకంటే పాస్‌వర్డ్ ఉంటే యాంటీవైరస్ లోపలికి చూడలేదు. పైగా ఫైల్ పేరు చివరి అక్షరాలను కంప్యూటర్ మామూలుగా దాచేస్తుంది. అందువల్ల actions.atn.exe అనే ఫైల్ మీకు actions.atn లాగే కనిపిస్తుంది. మనిషి తప్పకుండా చూడాల్సినదాన్నే దాచిపెట్టే ఈ డిజైన్ నాకు ఏనాడూ మింగుడుపడలేదు. విండోస్‌లో ఫైళ్ల ఫోల్డర్ తెరిచి, దాని View మెనూలో File name extensions ఆన్ చేసి పెట్టుకోండి. స్టూడియో కంప్యూటర్లో ఉండేవి మీ ఫోటోలు మాత్రమే కాదు, ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లు. రాన్సమ్‌వేర్ వాటికి తాళం వేస్తే, ఇంకా ప్రింట్ కాని ఆల్బమ్‌లకు మీరేం జవాబు చెబుతారు?

అసలు ఈ పనికి యాక్షన్ కొనక్కర్లేదు, దొంగ ఫైలూ అక్కర్లేదు. ముడత అంటే వెడల్పుగా పరుచుకున్న వెలుగునీడ. నేత అంటే సన్నని దారాల గరుకు. మామూలు బ్లర్ రెండింటినీ కలిపి తుడిచేస్తుంది, అందుకే ప్లాస్టిక్ వచ్చింది. రెండింటినీ రెండు లేయర్లుగా విడదీయాలి.

ఫోటో లేయర్‌కి రెండు కాపీలు తీయండి. కింది కాపీకి Gaussian Blur ఇవ్వండి. దారాలు కనబడకుండా పోయి, ముడతల నీడ మాత్రం ఇంకా తెలుస్తున్న చోట ఆగండి. 24 మెగాపిక్సెల్ నడుం దాకా ఫోటో అయితే 10 పిక్సెల్స్‌తో మొదలుపెట్టి చూసుకోవచ్చు. పై కాపీలో Image మెనూలో Apply Image తెరిచి, Layer దగ్గర కింది కాపీని ఎంచుకోండి. 8 బిట్ ఫైల్ అయితే Blending: Subtract, Scale: 2, Offset: 128. తర్వాత ఆ లేయర్ బ్లెండ్ మోడ్‌ని Linear Light చేయండి. ఇప్పుడు ఫోటో మొదట ఎలా ఉందో అచ్చం అలాగే కనబడాలి. తేడా ఉంటే అంకెలు తప్పు పడినట్టే.

బ్లర్ చేసిన లేయర్‌కి ఇంకో కాపీ తీసి, పని దాని మీదే చేయండి. ముడతలో వెలుగు పడిన పక్కా, నీడ పక్కా రెండూ వచ్చేలా లాసోతో చుట్టి, ఫెదర్ 15 ఇచ్చి, 25 పిక్సెల్స్ దాకా బ్లర్ చేయండి. కాలర్ అంచు, గుండీ పట్టీ ఆ గీత లోపలికి రాకూడదు. వస్తే మెడ రంగు చొక్కాలోకి పాకుతుంది. ఇస్త్రీ మడత గీత లాంటి పదునైన గీత పై లేయర్లో సన్నగా మిగులుతుంది. దాన్ని క్లోన్ స్టాంప్‌తో, Sample: Current Layer పెట్టి, దారం పోయే దిశలోనే పక్క నుంచి తెచ్చి కప్పండి. అడ్డంగా తెస్తే అతుకు తెలిసిపోతుంది.

ఇక్కడే చాలామంది పని చెడగొడుతున్నారు. చంక నుంచి ఛాతీ మీదికి ఏటవాలుగా వచ్చే మడతలు, మోచేతి దగ్గరివి, బెల్టు పైన గుడ్డ కుప్పపడే చోటువి ముట్టుకోవద్దు. అవి ఒంటి ఆకారం వల్ల, గుడ్డ బరువు వల్ల వచ్చినవి. లినెన్‌కు సహజంగానే ముడత ఎక్కువ. మొత్తం తీసేస్తే పాలిస్టర్ చొక్కా అయిపోతుంది. సంచీలో మడిచి తెచ్చిన గీతలు, కూర్చుని లేవడం వల్ల పొట్ట మీద పడిన అడ్డగీతలు తీస్తే చాలు. పని చేసిన లేయర్ ఒపాసిటీ 70 శాతానికి తగ్గించండి. పైన తాత్కాలికంగా ఒక Black & White లేయర్ వేస్తే, ఎక్కడ మరీ చదునైపోయిందో రంగు అడ్డం లేకుండా కనబడుతుంది.

ఇదంతా కెమెరా ఫైల్‌కే. ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పంపిన ఫోటోకి ఆశ పెట్టుకోవద్దు. కొన్ని ఫోన్ కెమెరాలు ముఖంతో పాటు గుడ్డనూ నున్నగా రుద్దేస్తాయి.  తర్వాత వాట్సాప్ కుదింపులో మిగిలిన దారాలూ పోతాయి. విడదీయడానికి నేతే లేనప్పుడు ముడతను కాస్త లేతగా చేయడమే తప్ప గుడ్డను తిరిగి తెప్పించలేం. ఒరిజినల్‌ను డాక్యుమెంట్‌గా పంపమని కస్టమర్‌ను అడగండి.