ఆస్తమా: ఉపశమనం వేరు, అదుపు వేరు

ప్రశ్న: సాల్బుటమాల్ పీల్చగానే ఆయాసం తగ్గుతోంది. మళ్లీ రోజూ స్టెరాయిడ్ ఇన్‌హేలర్ దేనికి? మాంటెలుకాస్ట్ మాత్ర సరిపోదా?

సాల్బుటమాల్ శ్వాసనాళాల కండరంలోని బీటా-2 గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. బిగుసుకున్న కండరం నిమిషాల్లో వదులై, నాలుగైదు గంటలు ఊపిరి ఆడుతుంది. చేతులు వణకడం, గుండె దడ కూడా ఈ మందువల్లే. నాళం లోపలి వాపును మాత్రం ఇది తాకదు. అందుకే గంటకే మళ్లీ పీల్చాల్సి వస్తోందంటే వాపు పెరుగుతోందని అర్థం, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. 200 పఫ్‌ల డబ్బాలు ఏడాదికి మూడు ఖాళీ అవుతున్నా వ్యాధి అదుపులో లేనట్టే.

ఆ వాపును తగ్గించేది బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్. వాపు పుట్టించే జన్యువుల పనిని అణచివేస్తుంది కాబట్టి ఫలితం కనిపించడానికి రోజులు, వారాలు పడుతుంది. చాలామంది ‘పనిచేయడం లేదు’ అని మానేసేది సరిగ్గా ఈ దశలోనే! మోతాదు మైక్రోగ్రాముల్లోనే కాబట్టి స్టెరాయిడ్ మాత్రలంత భయం అక్కర్లేదు. గొంతు బొంగురుపోవచ్చు, నోట్లో తెల్లటి ఫంగస్ పూత రావచ్చు. ఇన్‌హేలర్‌కు తగిలించే గొట్టం లాంటి స్పేసర్ వాడి, పీల్చాక నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

మాంటెలుకాస్ట్, శ్వాసనాళాల్లో వాపు, బిగుతు కలిగించే ల్యూకోట్రైన్ అనే రసాయనాల గ్రాహకాలను అడ్డుకుంటుంది. ఆస్పిరిన్ పడనివారికి, అలర్జీ జలుబు కూడా ఉన్నవారికి ఉపయోగమే కానీ, ఒంటరిగా స్టెరాయిడ్‌కు సాటిరాదు. పైగా పీడకలలు, చిరాకు, కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తీవ్ర హెచ్చరిక చేర్చింది. అలాంటి మార్పు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరుకు చెప్పండి.