అమ్మింది ఒక ఖాతాలో, కొన్నది ఇంకో ఖాతాలో

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను. నా ఫండ్ 4,000 డాలర్ల నష్టంలో ఉంది. డిసెంబర్‌లో అమ్మేసి మర్నాడే మళ్ళీ కొనుక్కుంటే టాక్స్ తగ్గదా? ఈ వాష్ సేల్ రూల్ ఎందుకు పెట్టారు, మనలాంటి చిన్నవాళ్ళ మీద కక్షా?

కక్ష ఏమీ కాదండి. నష్టానికి అమ్మిన దాన్నే వెంటనే మళ్ళీ కొంటే, ఆ నష్టాన్ని అప్పుడే టాక్స్ లెక్కలో చూపించనివ్వదు, అంతే ఈ రూల్. ఆ రూల్ వల్ల నేనే దెబ్బతిన్నాను, అయినా అది న్యాయమైనదే అంటాను.

ఒక్కసారి ఐఆర్ఎస్ వైపు నుంచి చూడండి. మీరు ఈరోజు అమ్మారు, రేపు కొన్నారు. ఎల్లుండి మీ ఖాతాలో అదే ఫండ్, అన్నే షేర్లు. మీ దగ్గర మారింది ఏమీ లేదు, చేతికి ఒక నష్టం కాగితం వచ్చిందంతే. దాన్ని ఒప్పుకుంటే డిసెంబర్ 31న దేశంలో నష్టంలో ఉన్న ప్రతి షేరూ అమ్ముడుపోయి, జనవరి 2న వెనక్కి వచ్చేస్తుంది. పూర్వం డబ్బున్నవాళ్ళు చేసిందీ ఇదే. అందుకే 1921 రెవెన్యూ చట్టంలోనే దీనికి అడ్డుకట్ట వేశారు, ఇప్పుడది టాక్స్ కోడ్‌లో సెక్షన్ 1091. అంటే నూరేళ్ళ పైబడిన రూల్, యాప్‌లో షేర్లు కొనే మన కోసం కొత్తగా పుట్టింది కాదు. అన్నట్టు, లాభానికి అమ్మి మర్నాడే కొంటే ఎవరూ అడ్డు చెప్పరు, టాక్స్ మాత్రం నిక్షేపంగా తీసుకుంటారు. ఆ ఒక్క విషయంలో మీ కోపం నాకూ ఉంది.

ఇక నా కథ. 2021 చివర్లో అందరూ ఎగబడుతున్నప్పుడు నేనూ ఒక టెక్నాలజీ ఫండ్ 300 షేర్లు 60 డాలర్ల చొప్పున కొన్నాను. 2022 అక్టోబర్‌కి అది 40కి వచ్చింది. డిసెంబర్ దాకా ఎందుకని అక్టోబర్ 12న ఆ 300 అమ్మేశాను. 6,000 డాలర్ల నష్టం. రూల్ నాకు తెలుసు, 30 రోజులు ఆ ఫండ్ జోలికి పోకూడదని క్యాలెండర్‌లో కూడా రాసుకున్నాను. వచ్చిన డబ్బు వేరే ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాను. భలే చేశాననుకున్నాను.

ఫిబ్రవరిలో బ్రోకర్ నుంచి ఏడాది అమ్మకాల లెక్క చూపించే కాగితం, 1099-బి, వచ్చింది. అందులో వాష్ సేల్ గడిలో 40 డాలర్లు అని ఉంది. నేను కొననే లేదే! తీరా చూస్తే సెప్టెంబర్ చివర్లో ఆ ఫండ్ డివిడెండ్ ఇచ్చింది, ఆ డబ్బుతో బ్రోకరే తనంతట 2 షేర్లు కొనేశాడు. డివిడెండ్‌ని మళ్ళీ పెట్టుబడి పెట్టే ఆప్షన్ ఎప్పుడో ఖాతా తెరిచిన రోజు టిక్ చేసి మర్చిపోయాను. మనలో చాలామంది "అమ్మాక 30 రోజులు ఆగాలి" అనే గుర్తుపెట్టుకుంటారు. అమ్మకానికి ముందు 30 రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. ముందు 30, వెనక 30, అమ్మిన రోజు ఒకటి, మొత్తం 61. ఆ 2 షేర్లూ అమ్మకుండా నా దగ్గరే ఉండిపోయాయి కాబట్టి, పాత 2 షేర్ల నష్టం 40 డాలర్లు కొట్టేశారు.

ఇది పెద్ద విషయం కాదు. ఆ 40 డాలర్లు ఎక్కడికీ పోలేదు. కొత్త 2 షేర్లు 40కి కొన్నా, వాటి కొన్న ధర లెక్కల్లో 60 అయింది. ఎప్పుడో అవి అమ్మినప్పుడు లాభం అంతమేర తక్కువ కనిపిస్తుంది. నష్టాన్ని లాక్కోలేదు, వాయిదా వేశారు. రూల్ న్యాయమైనదని నేను అన్నది ఇందుకే.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. నా టాక్స్ పేపర్లు చూసే సీపీఏ గారు మామూలుగా అడిగినట్టే అడిగారు: "ఇదే ఫండ్ మీకు ఇంకెక్కడైనా ఉందా అండీ?" ఉంది. వేరే బ్రోకర్ దగ్గర రిటైర్మెంట్ కోసం దాచుకునే నా రాత్ ఐఆర్ఎ ఖాతా ఉంది. నెల మొదట్లో 500 డాలర్లు దానంతటదే వెళ్ళి అదే ఫండ్ కొంటుంది. అక్టోబర్ మొదట్లో ఒకసారి, నవంబర్ మొదట్లో ఒకసారి, రెండూ 61 రోజుల లోపలే పడ్డాయి. ధర అప్పుడు 40 దగ్గరే ఉంది కాబట్టి మొత్తం 25 షేర్లు. అంటే ఇంకో 25 షేర్ల నష్టం, షేరుకి 20 చొప్పున 500 డాలర్లు, లెక్కలోంచి పోయింది.

ఇది వాయిదా కూడా కాదు. రాత్‌లో షేరు ఎంతకి కొన్నామో టాక్స్‌కి పనే లేదు. అందుకని కొట్టేసిన నష్టాన్ని కలపడానికి అక్కడ కొన్న ధరే ఉండదు, అది శాశ్వతంగా పోయినట్టే. ఐఆర్ఎస్ 2008లోనే ఈ మాట రాతపూర్వకంగా చెప్పింది.

"మరి 1099-బిలో 40 మాత్రమే ఉంది కదా సార్" అన్నాను ఆశగా. ఆయన నవ్వారు. బ్రోకర్ చూపించాల్సింది అదే ఖాతాలో, అదే ఫండ్‌లో జరిగినది మాత్రమే. రెండో బ్రోకర్ దగ్గర ఏం కొన్నామో అతనికి తెలియదు. ఆ లెక్క మనదే. టాక్స్ రిటర్న్‌లో అమ్మకాలు రాసే ఫారమ్ 8949లో, వాష్ సేల్‌కి వేసే డబ్ల్యూ కోడ్ వేసి, 40 బదులు 540 రాశారు. 6,000లో 5,460 మిగిలింది. ఆ ఏడాది నాకు వేరే లాభాలు లేవు కాబట్టి జీతం మీద చట్టం ఒప్పుకునే 3,000 తగ్గించుకున్నాను, 2,460 తర్వాతి ఏడాదికి వెళ్ళింది.

ఇక్కడ ఒక మాట. డిసెంబర్ రాగానే వీడియోల్లో "ఫ్రీ మనీ" అని ఊదరగొట్టే వాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నష్టం అమ్మి వేరే ఫండ్ కొన్నానుగా, ఆ కొత్త దాని కొన్న ధర తక్కువ. అందులో పెట్టిన 12,000 పెరిగి మళ్ళీ 18,000 అయితే ఆ 6,000 నాకు లాభంగా వచ్చి కూర్చుంటుంది, అప్పుడు టాక్స్ కట్టాల్సిందే. నాకు నిజంగా మిగిలేది ఏమిటంటే, ఇప్పుడు జీతం మీద 22 శాతం తప్పించుకుని, ఏళ్ళ తర్వాత 15 శాతం కడతాను. ఆ తేడా, మధ్యలో ఆ డబ్బు నా దగ్గర ఉండటం, అంతే. ఆదాయం తక్కువగా ఉండి, దీర్ఘకాల లాభాల మీద సున్నా శాతం పడే ఏడాది అయితే ఈ తంతు చాలావరకు దండగ.

మీరు అమ్మాలనుకుంటే ముందు డివిడెండ్ ఆప్షన్ తీసేయండి. మీ ఖాతాలూ మీ ఆవిడ లేదా ఆయన ఖాతాలూ అన్నీ తెరిచి ఆటోమేటిక్ కొనుగోళ్ళు చూడండి, భార్యాభర్తల్లో ఒకరు అమ్మి మరొకరు కొన్నా వాష్ సేలే. బదులుగా కొనే ఫండ్ విషయంలో అతితెలివి వద్దు. చట్టం అనే "దాదాపు ఒకటే" అన్న మాటకి గీత గీసినట్టు నిర్వచనం లేదు. ఒకే ఇండెక్స్‌ని పట్టుకున్న రెండు కంపెనీల ఫండ్లు వేరని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదన వాళ్ళనే చేసుకోనివ్వండి, మీరు వేరే ఇండెక్స్‌కి వెళ్ళండి.

నా రాత్‌లో ఇప్పుడు నెలనెలా కొనేది ఇంకో ఇండెక్స్ ఫండ్. మామూలు ఖాతాలో ఆ పేరే లేదు.