జీఎస్టీ ఛానెల్ పెట్టారు, ఎవరూ కదలడం లేదా?

ప్రశ్న: బీకాం పూర్తయింది. విజయవాడలో ఒక ట్యాక్స్ కన్సల్టెంట్ దగ్గర అకౌంట్స్ అసిస్టెంట్‌గా చేస్తున్నాను. జీఎస్టీ అప్‌డేట్స్‌తో వాట్సాప్ ఛానెల్, టెలిగ్రామ్ ఛానెల్ రెండూ నడుపుతున్నాను. రోజుకు పది పోస్టులు పెట్టినా ఎవరూ పట్టించుకోవడం లేదు. ముందు ముందు సొంత ప్రాక్టీసుకు ఇది పనికొస్తుందా? ఏం మార్చాలి?

జవాబు: ముందు ఆ పది పోస్టులు ఆపండి. ప్రెస్ నోట్లు, పీడీఎఫ్‌లు, వార్తల లింకులు ఎక్కడైనా దొరుకుతాయి. సిమెంట్ డీలర్‌కు కావలసింది మూడే: ఇది నాకు వర్తిస్తుందా, ఎప్పటి నుంచి, నేనేం చేయాలి. ఈ మూడింటికీ జవాబు లేని పోస్టు రెండుసార్లు కనిపిస్తే, మూడోసారికి మీ ఛానెల్‌ను మ్యూట్ చేస్తాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. 2025 సెప్టెంబర్ 3న జీఎస్టీ కౌన్సిల్ సిమెంట్ పన్నును 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని సిఫారసు చేసింది. ఆ రాత్రే ‘సిమెంట్ 18 శాతం’ అని పెట్టేస్తే, మర్నాడు పొద్దున్నే ఎవరో ఒకరు 18 వేసి బిల్లు కొట్టేస్తారు. కౌన్సిల్ చేసేది సిఫారసు మాత్రమే, నోటిఫికేషన్ వస్తే గానీ రేటు మారదు. అది సెప్టెంబర్ 17న వచ్చి, 22 నుంచి అమల్లోకి వచ్చింది. అంటే 3వ తేదీన మీ పోస్టు ఇలా ఉండాలి:

‘సిమెంట్ డీలర్లకు: పన్ను 28 నుంచి 18కి తగ్గించాలని కౌన్సిల్ సిఫారసు చేసింది. 22 నుంచి అమలు చేస్తామంటున్నారు. నోటిఫికేషన్ ఇంకా రాలేదు. అప్పటిదాకా 28తోనే బిల్లు వేయండి.’

నోటిఫికేషన్ వచ్చిన రోజున రెండో పోస్టు: ‘22 నుంచి పంపే సరుకుకు 18. పాత స్టాకైనా సరే 18 మాత్రమే. 28 కట్టి కొన్న స్టాకు మీద ఇన్‌పుట్ క్రెడిట్ పోదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో రేటు 21 రాత్రే మార్చుకోండి.’ దీని కింద నోటిఫికేషన్ నంబరు, తేదీ ఇవ్వండి. అకౌంటెంట్లు నమ్మేది దాన్నే. పాత స్టాకు సంగతి చెప్పిన ఆ ఒక్క వాక్యానికే ఈ పోస్టును పక్క షాపుకు ఫార్వర్డ్ చేస్తారు.

తప్పు దొర్లితే పాత పోస్టును ఎడిట్ చేసి ఊరుకోకండి. అప్పటికే ఫార్వర్డ్ అయిన కాపీలు మారవు. ‘సవరణ’ అని కొత్త పోస్టు పెట్టండి. అది మళ్లీ ఫార్వర్డ్ అవుతుంది.

రెండు ఛానెళ్లు వద్దు. మీ పాఠకులు షాపుల వాళ్లయితే వాట్సాప్ ఒక్కటే చాలు, వాళ్ల ఫోనులో అది ఎలాగూ తెరిచే ఉంటుంది. పాత పోస్టులు వెతుక్కునే అకౌంటెంట్లయితే టెలిగ్రామ్ నయం. అక్కడ హ్యాష్‌ట్యాగ్‌తో వెతకొచ్చు, ఒక్కో పోస్టును ఎంతమంది చూశారో కూడా తెలుస్తుంది. వాట్సాప్ గ్రూపు మాత్రం పెట్టకండి. అందులో అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి. వారం తిరగకుండానే లోన్ల వాళ్లు దిగుతారు, గుడ్‌మార్నింగ్ పువ్వుల సంగతి సరేసరి.

కొత్త నోటిఫికేషన్లు లేని వారాల్లో రిటర్నుల తేదీలే మీకు పంట. నెలవారీ వాళ్లకు జీఎస్టీఆర్-1 గడువు 11, 3బి గడువు 20. మూడు నెలలకోసారి వేసేవాళ్లకు మన రెండు రాష్ట్రాల్లో 3బి గడువు 22. దేశమంతటికీ తయారైన పోస్టుల్లో 22, 24 రెండూ ఉంటాయి. మనవాళ్లు అక్కడే తికమకపడతారు. గడువుకు రెండు రోజుల ముందు ఒకటి, గడువు రోజు ఉదయం ఒకటి, అంతే. గడువు పొడిగించారన్న పుకారు వస్తే జీఎస్టీ పోర్టల్ చూసి ‘పొడిగించలేదు’ అని ముక్కుసూటిగా పెట్టండి. జనం మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేది అలాంటి రోజునే.

ఛానెల్‌లో మాట ఒకవైపే నడుస్తుంది కాబట్టి ప్రశ్నలకు వేరే సిమ్‌తో వాట్సాప్ బిజినెస్ నంబరు పెట్టుకోండి. ఆ వారం ఎక్కువమంది అడిగిన ప్రశ్నకు శనివారం ఛానెల్‌లో జవాబివ్వండి. ఫాలోవర్ల లెక్క కన్నా ఆ నంబరుకు వచ్చే ప్రశ్నలే అసలైన కొలత. రెండోసారి, మూడోసారి అడుగుతున్నది ఎవరో రాసి పెట్టుకోండి. రేపటి మీ క్లయింట్లు వాళ్లలోంచే వస్తారు.

రెండు జాగ్రత్తలు. క్లయింట్ల రిటర్ను స్క్రీన్‌షాట్లు పెట్టకండి. జీఎస్టీ నంబరులో 3వ అక్షరం నుంచి 12వ అక్షరం దాకా ఉండేది పాన్ నంబరే. సొంతదారు షాపైతే అది ఆ మనిషి పాన్. పేరు చెరిపి నంబరు వదిలేసినా గుట్టు బయటపడినట్టే. ఇక మీ యజమానికి ఛానెల్ సంగతి ముందే చెప్పండి. ఆయన ప్రాక్టీసులో ఉన్న సీఏ అయితే ప్రకటనల ద్వారా క్లయింట్లను రప్పించుకోకూడదన్న నిబంధన ఆయనకు ఉంటుంది. కాబట్టి ఛానెల్‌లో ఆఫీసు పేరు రాకూడదు. ఆయన క్లయింట్లకు మీరు విడిగా ఫైలింగ్ చేసిపెట్టకూడదు. సొంతంగా చేయాలనుకున్న రోజున జీఎస్టీ పోర్టల్‌లో ప్రాక్టీషనర్‌గా నమోదు చేసుకోండి, మీ బీకాం అందుకు అర్హతే. ఆ తర్వాత కేంద్ర శిక్షణ సంస్థ నాసిన్ పెట్టే పరీక్ష ఉంటుంది.