వారానికి సరిపడా సాంబారు: తప్పు డబ్బాలో కాదు, డేక్సాలో

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి. ఆదివారం రాత్రి నాలుగు లీటర్ల సాంబారు కాచి, డేక్సాకు మూతపెట్టి పొయ్యి మీదే ఉంచి, పొద్దున ఎనిమిది డబ్బాల్లో సమానంగా పోసి ఫ్రిజ్‌లో పెడతాను. రెండుసార్లు మధ్యాహ్నం అది తిన్నాక, రాత్రి పదింటికి కడుపులో మెలిపెట్టి విరేచనాలయ్యాయి. వాంతులు, జ్వరం లేవు. మర్నాటికి తగ్గింది. సాంబారు వాసన మారలేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: పరీక్ష చేయకుండా ఖాయంగా చెప్పలేను గానీ, తిన్న ఎనిమిది, పది గంటలకు నొప్పితో మొదలై ఒక్క రోజులో తగ్గిపోవడం క్లాస్ట్రీడియం పెర్ఫ్రింజెన్స్ అనే సూక్ష్మజీవి పద్ధతి. దాని బీజాలు సాంబారు మరిగినా చావవు. పెద్ద గిన్నెలో పప్పు గోరువెచ్చగా గంటల తరబడి ఉన్నప్పుడు మొలకెత్తి, వాసన మారకుండానే లక్షల్లో పెరుగుతాయి. చింతపండు వేశాం కదా అనుకోకండి, సాంబారు పులుపు ఊరగాయ పులుపంత కాదు.

వండిన కూర రెండు గంటల్లో 21 డిగ్రీలకు, ఆపై నాలుగు గంటల్లో 5 డిగ్రీలకు చల్లారాలన్నది లెక్క. మన తిరుపతి ఎండాకాలంలో రాత్రి గది వేడే అంతకంటే ఎక్కువ కాబట్టి, వంటగదిలో ఎంతసేపు ఉంచినా డేక్సా ఆ స్థాయికి రాదు. అందుకే పొయ్యి ఆపిన అరగంటలోపే డేక్సాను ఐసు ముక్కలు వేసిన నీళ్ల తొట్టిలో దించి, పదిహేను ఇరవై నిమిషాలు కలుపుతూ ఉండండి; మిద్దె మీది ట్యాంకు నీళ్లు వేసవిలో తామే వెచ్చగా ఉంటాయి, ఐసు లేకుండా పని జరగదు.

తర్వాత పంచండి. పప్పు అడుక్కి దిగిపోతుంది గనుక ఒక్కో డబ్బాను ఒకేసారి నింపితే మొదటిది నీళ్లు, చివరిది ముద్ద అవుతుంది. ఆ ముద్ద డబ్బా మిగతావాటికంటే ఆలస్యంగా చల్లారుతుంది కూడా. ముందు మునక్కాయ ముక్కలు లెక్కగా వేసి, 125 మిల్లీలీటర్లు పట్టే గరిటెతో ప్రతిసారీ అడుగంటా కలుపుతూ, ఎనిమిది డబ్బాలకూ వరసగా ఒక్కో గరిటె చొప్పున నాలుగు చుట్లు పోస్తే తలా అర లీటరు వస్తుంది. డబ్బా లోతైనది కాకుండా వెడల్పుగా ఉండి, సాంబారు రెండు అంగుళాల ఎత్తుకు మించకపోతే మంచిది. ఫ్రిజ్‌లో ఒకదానిపై ఒకటి పేర్చకుండా, మూతలు వదులుగా ఉంచి, చల్లారాక బిగించండి.

మొదటి మూడు రోజులవి కింద, మిగిలిన ఐదూ ఆ రాత్రే ఫ్రీజర్‌లో. గడ్డకడితే ఉబ్బుతుంది, పైన వేలెడు ఖాళీ వదలండి. తినే ముందు రోజు కిందికి దించి, ఆ డబ్బా మొత్తాన్నీ తెర్లేలా మరిగించి, మిగిలింది పారబోయండి. గోరువెచ్చ చేసుకుని తినడం మీ ఇంట్లో జరుగుతుందనే నా అనుమానం. అయితే రాత్రంతా బయట ఉన్న సాంబారును మరిగించి కాపాడాలని చూడకండి, కొన్ని సూక్ష్మజీవులు వదిలే విషం మరిగినా పోదు.

మళ్లీ అలా అయితే ఓఆర్ఎస్ తాగండి. విరేచనంలో రక్తం పడినా, జ్వరం వచ్చినా, మూత్రం తగ్గినా, రెండు రోజులు దాటినా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.