జాన్సన్ కౌంటర్ రెండు స్టేట్ల మధ్యే తిరుగుతోంది

> డి ఫ్లిప్‌ఫ్లాప్‌లతో 3 బిట్ జాన్సన్ కౌంటర్ కట్టా, మోడ్ 6. పవర్ ఇస్తే ఒక్కోసారి రెండు స్టేట్ల మధ్యే కొట్టుకుంటోంది, ఏం చేయాలి?

QA QB QC వరసలో చూస్తే మీది 010, 101 దగ్గర ఇరుక్కుందండి, క్లాక్ కొట్టినప్పుడల్లా ఒకదాన్నుంచి ఇంకోదానికి పోతుంది తప్ప బయటపడే దారి లేదు. మూడో ఫ్లిప్‌ఫ్లాప్‌కి QB నేరుగా ఇవ్వకుండా ఇలా ఇవ్వండి, మిగతా రెండూ కదపొద్దు:

```
DC = QB (QA + QC)
```

ఇప్పుడు 010లో QA, QC రెండూ 0 కాబట్టి DC కూడా 0, అంటే 100కి పోతుంది, అది సైకిల్లోదే. 101 అయితే ముందు 010కి వచ్చి తర్వాత 100, రెండు క్లాకుల్లో దారిలో పడుతుంది. మంచి స్టేట్లలో QB 1 ఉంటే QA గానీ QC గానీ ఎలాగూ 1 ఉంటుంది, సో వరస మారదు. ఒక ఆర్, ఒక యాండ్ గేట్, అంతే ఖర్చు. పవర్ ఆన్ చేస్తూ ఆఫ్ చేస్తూ టెస్ట్ చేయకండి, ప్రీసెట్, క్లియర్ పిన్లతో 101 మీరే పెట్టి క్లాక్ కొట్టి చూడండి.