వాన ఆగితే జొన్న, రాగి ఎలా తట్టుకుంటాయి?

ప్రశ్న: మూడు వారాలు వాన లేకపోతే మా మొక్కజొన్న మాడిపోయింది. పక్క చేలలో జొన్న, రాగి మాత్రం నిలబడ్డాయి. కారణం ఏమిటి?

ముఖ్యంగా జొన్నకు ఆగడం తెలుసు. తేమ తగ్గగానే ఆకులు గొట్టంలా చుట్టుకుని ఎండ తగిలే భాగాన్ని తగ్గించేస్తాయి, ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది. వాన పడగానే మళ్లీ మొదలవుతుంది. కాండాన్ని వేలితో రుద్ది చూడండి, తెల్లటి పొడి అంటుకుంటుంది. అది మైనం, నీరు ఆవిరైపోకుండా కాపాడే పూత. వేళ్లు కూడా మీటరు దాటి దిగుతాయి. అందుకే నల్లరేగడిలో వానలు వెళ్లిపోయే ముందు వేసిన మాఘి జొన్న చాలావరకు నేలలో దాగిన తేమతోనే పండుతుంది.

మొక్కజొన్నకు అసలు చిక్కు పూత దగ్గర. మగపూత పైన, పీచు కింద కండె మీద ఉంటాయి. బెట్టకు పీచు ఆలస్యమైతే పుప్పొడి అందక కండెలో గింజ కట్టదు. జొన్నలో రెండూ ఒకే పువ్వులో ఉంటాయి కాబట్టి ఆ బాధ తక్కువ.

రాగి బలం పిలకల్లో ఉంది. మొదటి పిలకలు దెబ్బతిన్నా, వాన పడ్డాక వచ్చేవి కొంత నష్టం పూడుస్తాయి. అయితే జొన్నంత మొండిది కాదు. పూత, గింజ కట్టే దశలో బెట్ట తగిలితే రెండింటిలోనూ దిగుబడి పడిపోతుంది.

ఒక్క మాట: బెట్టకు గిడసబారిన లేత జొన్నను పశువులకు మేపకండి. అందులో సైనైడ్ విషం పెరుగుతుంది, మనవాళ్లు నాము అనేది దాన్నే. వాన పడ్డాక వచ్చే లేత చిగుళ్లు ఇంకా ప్రమాదం.