కాలనీ పనులు గ్రూపులో పెట్టేటప్పుడు

"మా హనుమకొండ కాలనీ గ్రూపులో ‘సద్దుల బతుకమ్మకు మైక్, లైట్లు, ఆటోలు అందరం చూసుకుందాం’ అని పెట్టిన. అందరూ బొటనవేలు పెట్టిన్రు, పని ఒక్కటీ కాలే. ఏం చేయాలె?"

అన్నా, ‘అందరం’ అంటే ఎవరూ కదలరు. పైగా మైక్ ‘చూసుకోవడం’ అంటే ఫోన్ చేయడమా, అడ్వాన్స్ ఇవ్వడమా? పని ఎక్కడికి అయిపోయినట్టో తెలిసేలా రాయండి.

ముందు ముగ్గురికి విడిగా ఫోన్ చేసి ఒప్పించండి. అడగకుండా గ్రూపులో పేరు పెడితే అలుగుతారు, అదో కొత్త పంచాయితీ. తర్వాత ఇలా పెట్టండి:

‘పండుగ ఆదివారం.
రాజన్న: మైక్ మాట్లాడి అడ్వాన్స్ ఇవ్వాలి. గురువారం సాయంత్రం 6 లోపు.
లక్ష్మక్క: పద్మాక్షి గుట్టకు 2 ఆటోలు మాట్లాడి, డ్రైవర్ల నంబర్లు ఇక్కడ పెట్టాలి. శుక్రవారం రాత్రి 8 లోపు.
సతీశ్: లైట్లు కట్టించి, ఒకసారి వెలిగించి చూడాలి. శనివారం రాత్రి 7 లోపు.’

ఆటోలకు ఇద్దరు పోయినా పేరు మాత్రం ఒక్కరిదే ఉండాలి. లేకపోతే ఆమె అడిగిందేమో అని ఈమె, ఈమె అడిగిందేమో అని ఆమె ఊరుకుంటారు.

‘రేపటిలోగా’ అని రాయకండి. మెసేజ్ తెల్లారి చూసినవాళ్లకు గడువు ఒకరోజు జరిగిపోతుంది. మైక్‌కు గురువారమే ఎందుకంటే, పండుగ సీజన్‌లో మైక్ అతను ఖాళీ లేనంటే ఇంకొకరిని వెతకడానికి రెండు రోజులు చేతిలో ఉంటాయి.

తంగేడు, గునుగు పూల సంగతి ఇందులో కలపకండి, అవి ఎవరింటికి వాళ్లు తెచ్చుకునేవే. ముగ్గురూ ‘సరే, చేస్తా’ అని రాసేదాకా అడగండి. బొటనవేలు లెక్కకు రాదు, చాలామంది ‘చూసిన’ అన్నట్టే దాన్ని నొక్కుతారు.